క్లాసికల్ డ్రెస్సే కదా, ఏదైతే ఏముందట!

"క్లాసికల్ డ్రెస్సే కదా మేడం, ఏదైతే ఏముంది?" ఈ మాట అన్నది విజయవాడలో ఒక అద్దె డ్రెస్సుల షాపు కుర్రాడు. కూచిపూడి ఊరు ఇక్కణ్ణుంచి బస్సెక్కితే రెండు గంటలు పట్టని దూరంలో ఉంది. ఎక్కడో ఢిల్లీలో ఈ మాట వింటే నవ్వుకునేదాన్ని. కృష్ణా జిల్లా పక్కనే ఉండి వినాల్సి వచ్చింది చూడండి, అక్కడ కాలింది నాకు.

రేపు మా అక్క కూతురికి స్కూల్ వార్షికోత్సవం. కూచిపూడి తరంగం చేస్తోంది. ఇత్తడి పళ్ళెం అంచు మీద నిలబడి ఆడాలి. సొంతంగా కుట్టించడానికి టైం లేదని మా అక్క అద్దెకు తెచ్చింది. కవర్ విప్పి చూస్తే ముందు మూడు అంతస్తుల ఫ్యాన్, అదే కాళ్ళ మధ్య విసనకర్రలా విచ్చుకునే మడతల గుడ్డ. పైన ఒక చిన్నది, కింద ఇంకొంచెం పెద్దది, దాని కింద ఇంకొకటి. ఇది భరతనాట్యం డ్రెస్ అండీ అంటే ఆ కుర్రాడు పై మాట సెలవిచ్చాడు.

భరతనాట్యాన్ని నేనేమీ అనడం లేదు, ఎవరూ మీద పడకండి. దాని అందం దానిది. కానీ కూచిపూడికి ముందు ఉండేది ఒకటే ఫ్యాన్, పొడుగ్గా. ఆ ఒక్కటీ అరమండిలో, అంటే మోకాళ్ళు పక్కలకి వంచి సగం కూర్చోగానే ఒకేసారి విచ్చుకోవాలి. "ఇప్పుడు కూచిపూడి వాళ్ళు కూడా రెండు మూడు పెట్టించుకుంటున్నారు" అని కామెంట్ పెట్టబోతున్నారని తెలుసు. పెట్టించుకోనివ్వండి. ఇప్పుడు పులిహోరలో చీజ్ కూడా వేస్తున్నారు.

అసలు ఈ ఫ్యాన్ ఎలా పనిచేస్తుందో అద్దెకిచ్చేవాడికి తెలియకపోతే ఎలా? లోపల పైజమా ఉంటుంది. రెండు కాళ్ళ మధ్య మడతలు పెట్టిన పట్టుగుడ్డని పైన నడుము దగ్గర గట్టిగా కుట్టి, పక్క అంచులు రెండూ పైజమా కాళ్ళ లోపలివైపు కుడతారు. మోకాళ్ళు విడితే ఫ్యాన్ విచ్చుకుంటుంది, దగ్గరికొస్తే మూసుకుంటుంది. మంచి దర్జీ అయితే చీర కొంగు మీది బరువైన జరీ పనిని ఈ ఫ్యాన్‌కే వాడతాడు, విచ్చుకున్నప్పుడు ఆ పనంతా ఎదురుగా కనబడాలని. మడతల వెనకవైపు, బయటికి కనబడకుండా, దారంతో అక్కడక్కడా వదులుగా పట్టి ఉంచుతాడు. ఆ కుట్టు లేకపోతే మొదటి జతికి, అంటే మొదటి అడుగుల వరుసకి ఫ్యాన్ బాగానే ఉంటుంది, మూడో జతికి మడతలు చెదిరిపోయి లంగాలా వేలాడుతుంది. కొనేటప్పుడు చూడటం చాలా తేలిక. ఫ్యాన్‌ని రెండు చేతులతో విప్పి వదిలేయండి. దానంతటదే మూసుకుంటే సరే. చేత్తో సర్దాల్సి వస్తే స్టేజి మీద ఎవరు సర్దుతారు?

ఇంకా వినండి. పొడుగు చాలదు బాబూ అంటే "కింద ఫ్యాన్ కొంచెం దించి పిన్నులు పెట్టేద్దాం" అన్నాడు. పెట్టాడు కూడా. పిల్ల నిలబడింది. చీలమండ దగ్గరికి వచ్చింది, బాగానే ఉంది. మా అక్క "ఇంకేం, సరిపోయింది కదే" అంది. నేను పిల్లని అరమండి కూర్చోమన్నాను. కూర్చోగానే ఫ్యాన్ మధ్యభాగం కాలివేళ్ళ మీద పడింది. పడకేం చేస్తుంది? మోకాళ్ళు వంచితే నడుము కిందికి దిగుతుంది. పక్కల మడతలు విచ్చుకుని పైకి లేస్తాయి గానీ, మధ్యలో ఉన్నది నడుముతో పాటే దిగుతుంది. అందుకే ఫ్యాన్ పొడుగు కొలవాల్సింది నిలబెట్టి కాదు, అరమండిలో కూర్చోబెట్టి. ఆ కూర్చున్న భంగిమలో కూడా అంచు గజ్జెలకు కొంచెం పైనే ఆగాలి. లేకపోతే జరీ పోగు గజ్జె సందులో ఇరుక్కుంటుంది, కాలు లాగితే పోగు కాదు, మడతే ఊడి వస్తుంది. ఇది మామూలు నేల మీద సంగతి. మా పిల్ల ఆడాల్సింది పళ్ళెం అంచు మీద. పాదంతో అంచుని పట్టుకుని పళ్ళెంతో సహా కదలాలి. అప్పుడు గుడ్డ మడమ కింద పడితే ఏమవుతుందో ఆ కుర్రాడికి చెప్పాను. "జాగ్రత్తగా ఆడమనండి మేడం" అన్నాడు. ఎంత మంచి సలహా!

గుడ్డ సంగతికొద్దాం. "ప్యూర్ పట్టు" అని అట్ట మీద రాసి ఉంది. అంచులో ఒక పోగు లాగి వెలిగించాను. కాలుతూ కరిగి గట్టి పూస అయింది. పట్టు అలా కరగదు, జుట్టు కాలిన వాసన వచ్చి, బూడిద వేళ్ళ మధ్య పొడి అయిపోతుంది. నిజం చెప్పాలంటే పాలిస్టర్‌లో మడత బాగా నిలుస్తుంది, ఆ విషయంలో దాన్ని తప్పు పట్టను. కానీ దానికి బరువుండదు. మన ధర్మవరం పట్టు లాంటి గుడ్డకి ఉండే బరువు వల్లే ఫ్యాన్ గెంతు తరువాత టక్కున కిందికి పడుతుంది. పాలిస్టర్ కాసేపు గాల్లోనే ఉంటుంది, అడుగు అయిపోయాక కూడా. పైగా చెమట పీల్చదు, పైజమాకి అతుక్కుంటుంది, లైట్ల కింద తెల్లగా మెరిసి రంగే కనబడదు. లోపల లైనింగ్ కూడా నూలు కాదు, అదీ పాలిస్టరే. ఎండాకాలం రాకముందే పిల్లని ఆవిరి పట్టిస్తున్నాం.

డ్రెస్‌లో పైట, వెనక నడుము చుట్టూ వచ్చే ముక్క, వాటి గురించి ఎక్కువ చెప్పను. వడ్డాణం మాత్రం చెప్పాలి. అది అలంకారం ఒక్కటే కాదు, పైటనీ ఫ్యాన్‌నీ కలిపి నడుము దగ్గర నొక్కి పట్టేది అదే. వెనక తాడుతో బిగించి కట్టాలి. వాళ్ళిచ్చినదానికి ప్లాస్టిక్ కొక్కెం. పిల్ల గట్టిగా ఊపిరి తీస్తే చాలు, ఊడింది.

నగలు చూశాక నాకు నవ్వొచ్చింది, కోపం కూడా దాటిపోయి. పాపిడికి కుడివైపు సూర్యుడు, ఎడమవైపు చంద్రుడు పెడతాం. గుండ్రటి బిళ్ళ ఒకటి, చంద్రవంక ఒకటి. డబ్బాలో రెండు చంద్రవంకలు ఉన్నాయి. సూర్యుడేడి బాబూ అంటే "సెట్టు అంతే మేడం". మా పిల్ల రేపు ఇద్దరు చంద్రులతో ఆడుతుంది, సూర్యుడు సెలవులో ఉన్నాడు. కెంపుల సంగతి సరేసరి. నాట్యం నగలకి పేరున్నది తమిళనాడు నాగర్‌కోయిల్‌లోని వడశేరి. అక్కడ వెండి మీద బంగారు రేకు వేసి, రాయి చుట్టూ నొక్కి బిగించి చేస్తారు, భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. అద్దె సెట్టులో అవి ఉండాలని నేనడగను, నాకూ బుద్ధుంది. కానీ ప్లాస్టిక్ రాళ్ళని జిగురుతో అంటించి, లైట్ల వేడికి, చెమటకి అవి రాలిపోతే "మీరు పోగొట్టారు" అని డిపాజిట్‌లో కోసుకోవడం మాత్రం భలే వ్యాపారం. తీసుకునే ముందే డబ్బా తెరిచి ఫోటో తీసుకోండి, ఎక్కడ ఏ రాయి లేదో కనబడేలా.

పాతకాలంలో ఊరూరా కూచిపూడి ఆడిన భాగవతుల నగలు బూరుగు చెక్కతో చేసేవారు, తేలిగ్గా ఉండాలని. రాత్రంతా ఆడేవాళ్ళకి బరువు కుదరదు కదా. ఈ కుట్టిన డ్రెస్ కూడా వాళ్ళకి లేదు, చీరే కచ్చా పోసి కట్టుకునేవారు. అంటే నేను ఇంతసేపు గొంతు చించుకున్న ఫ్యాన్ అంత పాతదేం కాదు, ఆ సంగతి తెలుసు. తెలివిగా ఎవరూ గుర్తు చేయక్కర్లేదు. కొత్తగా వచ్చినదాన్నయినా సరిగ్గా కుట్టమంటున్నాను, అంతే.

భాగవతులు అన్నాక జడ గుర్తొచ్చింది, ఇక ఆగలేను. కూచిపూడి వాళ్ళ భామాకలాపం నాటకంలో సత్యభామ ముందు ముఖం చూపించదు. ఇద్దరు తెర పట్టుకుంటే దాని వెనక నుంచి జడ తెర మీదుగా ఇవతలికి వేస్తుంది. తన ఆటని మించి ఆడగలిగినవాడుంటే రండి, జడ కోసుకోండి అన్న సవాలు అది అని చెప్పుకుంటారు. ఆ జడకి పైన రాగిడి, నాగరం, పొడుగునా బిళ్ళలు, చివర కుప్పెలు. వేదాంతం సత్యనారాయణ శర్మ గారు మగవాడై ఉండి స్త్రీవేషంలో ఆ జడ వేసుకుని వస్తే జనం నోరు తెరుచుకుని చూసేవారు. 1970లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకి. వీపు ఒక్కటే కనబడే ఆ కాసేపూ నడకతో, మెడతో, ఆ జడ ఊగే తీరుతోనే పాత్ర మొత్తం చెప్పాలి. అందుకే జడ బరువు చివర కుప్పెల్లో ఉండాలి, లేకపోతే ఊగదు, వీపు మీద కర్రలా పడి ఉంటుంది.

కొన్నేళ్ళ కిందట ఒక కల్చరల్ ప్రోగ్రాంలో మాకు ప్రవేశ దరువు, అంటే సత్యభామ అలా తెర వెనక నుంచి వచ్చే పాట, చేసే అవకాశం ఇచ్చారు. ఇచ్చి, స్టేజి ఎక్కే ముందు నిర్వాహకుడు వచ్చి "అమ్మా, ఆ తెర భాగం తీసేయండి, డైరెక్టుగా వచ్చేయండి, అతిథులు వెళ్ళిపోతున్నారు" అన్నాడు. తెర తీసేస్తే ఆ జడ ఎందుకు? ఆ బిళ్ళలన్నీ కుట్టుకుని, పిన్నులతో తలనొప్పి తెచ్చుకుని కూర్చున్నది దేనికి? మేం ఒప్పుకోకపోతే "తెర పట్టుకోవడానికి మనుషులు లేరమ్మా" అన్నాడు. అదే స్టేజి మీద, మాకు ముందు, ఒక్క శాలువా కప్పడానికి ఎంతమంది ఎక్కారో తెలుసా? ఫోటోలో నేను లెక్కపెట్టాను, పద్నాలుగు మంది. అందులో ఇద్దరు శాలువా మూలలు పట్టుకుని ఉన్నారు, అచ్చం తెర పట్టుకున్నట్టే.