వరుస తప్పిన ప్రేక్షకులపై అభియోగపత్రం

సిరీస్ అన్నాక ఒకటో ఎపిసోడ్‌తో మొదలుపెట్టి చివరిదాకా వరుసగా చూడాలి. ఎపిసోడ్లకు అంకెలు వేసింది అందుకే. నేను ఈ నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించేవాణ్ణి. విడి కథల సిరీస్‌లు, అంటే ఆంథాలజీలు వచ్చాక ఈ క్రమశిక్షణకు తూట్లు పడ్డాయి. ప్రతి ఎపిసోడ్‌లో కథ వేరు, పాత్రలు వేరు, నటులు వేరు. ఇక వరుసతో పనేమిటని అడిగే పెడసరపు ప్రేక్షకులు బయలుదేరారు. మంచివి ముందు చూస్తారట, మిగతావి తీరిక దొరికితే చూస్తారట. ఈ దుర్మార్గం ఎలా సాగుతోందో ప్రజలకు తెలియాలి కాబట్టి సాక్ష్యాధారాలతో సహా వివరిస్తున్నాను. దీన్ని చదివి ఎవరైనా ఆ దారి పడితే బాధ్యత నాది కాదు.

వీరి దండయాత్ర ఎక్కువగా ‘ట్విలైట్ జోన్’ మీద సాగుతుంది. రాడ్ సర్లింగ్ సృష్టించిన ఈ అమెరికన్ సిరీస్ 1959 నుంచి 1964 వరకు ఐదు సీజన్లు, 156 ఎపిసోడ్లుగా ప్రసారమైంది. విమానం కిటికీలోంచి రెక్క మీద ఏదో ఆకారాన్ని చూసి వణికిపోయే ప్రయాణికుడి కథ ‘నైట్‌మేర్ ఎట్ ట్వెంటీ థౌజండ్ ఫీట్’ ఇందులో చాలా పేరున్నది. నాలాంటి సంప్రదాయవాదికి అది 123వ ఎపిసోడ్. దానికి ముందు సుమారు 58 గంటల తపస్సు ఉంటుంది. వరుస తప్పినవాడు మాత్రం మొదటి సాయంత్రమే, పాతిక నిమిషాల్లో చూసేసి హాయిగా భోజనానికి లేస్తాడు. ఇంతకంటే అన్యాయం ఉంటుందా?

వీరు చేసే మొదటి పని రచయిత పేరు చూడటం. 156లో 92 కథలు సర్లింగ్ ఒక్కడే రాశాడు. ఐదేళ్లలో అన్ని రాసిన మనిషి చేతినుంచి అద్భుతాలతోపాటు ఆయాసపడుతూ నడిచే కథలు కూడా వచ్చాయి. మిగతావాటిలో ఎక్కువ భాగం చార్లెస్ బ్యూమాంట్, రిచర్డ్ మాథెసన్‌లవి. విమానం కథ మాథెసన్‌దే. అది నచ్చిందంటే ఈ వరుసద్రోహి మరుసటి రోజు సీజన్ల జోలికి పోడు, మాథెసన్ పేరున్న మరో కథ వెతుక్కుంటాడు. విడి కథల సిరీస్‌లో ఎపిసోడ్లను కలిపే అసలు దారం రచయిత శైలేనని, అంకె కాదని అతని వాదన. వినడానికి సబబుగా ఉండటమే ఇందులోని ప్రమాదం.

రెండో నేరం మరీ ఘోరం. నాలుగో సీజన్‌ను మొత్తంగా పక్కన పెట్టేస్తారు. మిగతా సీజన్లన్నీ అరగంట కథలు. ఆ ఒక్క సీజన్‌లోని 18 మాత్రం గంట స్లాట్ కోసం తీసినవి. చివర్లో ఒక్క కుదుపుతో నిలబడే కథను రెట్టింపు పొడవుకు లాగితే, ఆ కుదుపు ఇరవై నిమిషాల ముందే కనబడుతుంది. అందులో బాగున్నవి కూడా లేకపోలేదు, కానీ కొత్తవాడు మొదలుపెట్టాల్సిన చోటు అది కాదని వీరి తీర్పు. రెండో సీజన్‌లో ఆరు ఎపిసోడ్లను ఖర్చు తగ్గించడానికి ఫిల్మ్ మీద కాకుండా వీడియో టేపు మీద తీశారు. వాటిని గుర్తుపట్టడం తేలిక: బొమ్మ చదునుగా ఉంటుంది, కథ దాదాపు గదుల్లోనే నడుస్తుంది, రంగస్థల నాటకం చూస్తున్నట్టు ఉంటుంది. అయితే క్రిస్మస్ తాత వేషం కట్టే తాగుబోతు కథ ‘నైట్ ఆఫ్ ద మీక్’ ఆ ఆరింటిలోదే, అభిమానులకు ఎంతో ఇష్టమైనది. కనుక ఈ గుర్తు చూసి వాయిదా వేయవచ్చు గాని కొట్టేయరాదని వారిలో వారే తీర్మానించుకున్నారు. దొంగలకు కూడా ధర్మశాస్త్రం ఉంది చూశారా!

ఇక ప్రేక్షకుల రేటింగులు. ఎపిసోడ్ వారీగా మార్కులున్న జాబితాను పైనుంచి కిందికి పేర్చుకుంటారు, కానీ దాన్ని గుడ్డిగా నమ్మరు. 8.4కీ 8.6కీ తేడా ఏమీ లేదంటారు. పైభాగంలో ఉన్నవన్నీ ఒక గుంపు, అడుగున ఉన్నవన్నీ ఒక గుంపు, అంతే. చివరి మలుపుతో అదరగొట్టే కథలకు మార్కులు ఉదారంగా పడతాయి. మెల్లగా మనసులో దిగే కథలు మధ్యలో ఇరుక్కుంటాయి. సర్లింగ్ రాసిన ‘వాకింగ్ డిస్టెన్స్’లో ఒక నడివయస్కుడు తన చిన్ననాటి ఊరికి నడుచుకుంటూ వెళ్తాడు. మలుపుల కోసం కాచుకుని కూర్చున్నవాడికి అందులో ఏమీ దొరకదు, మిగతావాళ్లకు చాలా దొరుకుతుంది. అడుగు గుంపు మాత్రం నమ్మదగినదే. 1962లో వచ్చిన ‘కావెండర్ ఈజ్ కమింగ్’ అనే హాస్య ప్రయత్నం అక్కడే స్థిరనివాసం ఏర్పరచుకుంది. వరుస పాటించిన నేను దాన్ని చివరిదాకా చూశాను. ఆ గౌరవం వాళ్లకు ఎప్పటికీ దక్కదు.

జాబితా చేతికొచ్చాక కథాసారాంశం చదవకపోవడం, బొమ్మలు చూడకపోవడం వీరి కఠోర నియమం. ‘ఐ ఆఫ్ ద బిహోల్డర్’ అంతా ఒక ముఖం మీది కట్లు విప్పే క్షణం మీద ఆధారపడి ఉంటే, ఉత్తమ ఎపిసోడ్ల జాబితాలు తయారుచేసే పుణ్యాత్ములు ఆ తర్వాతి దృశ్యాన్నే పైన అతికిస్తారు. అందుకే వీరు పేర్లు మాత్రం కాగితం మీద రాసుకుని జాబితా మూసేస్తారు. మలుపు కథలు మూడు వరుసగా చూస్తే నాలుగోదానిలో కథ వదిలేసి మలుపునే వెతుకుతాం కాబట్టి, ‘టైమ్ ఇనఫ్ ఎట్ లాస్ట్’ తర్వాత ‘వాకింగ్ డిస్టెన్స్’, ఆ తర్వాత కట్లు విప్పే కథ అన్నట్టు ఎడం ఇస్తారు. వరుసను ధిక్కరించినవాళ్లు మళ్లీ ఇంత శ్రద్ధగా వరుస కూర్చుకోవడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది.

బ్రిటన్‌లో మొదలైన మరో విడి కథల సిరీస్ ‘బ్లాక్ మిర్రర్’ దగ్గర మాత్రం నా వాదన కొంచెం బలహీనపడిందని శత్రువులు ప్రచారం చేస్తున్నారు. 2011 నాటి మొదటి ఎపిసోడ్‌లో అపహరణకు గురైన రాకుమారిని విడిపించాలంటే బ్రిటన్ ప్రధాని టీవీలో ప్రత్యక్ష ప్రసారంగా ఒక పని చేయాలి. ఆ పని ఏమిటో మర్యాదగల వ్యాసంలో రాయలేను. ఎందరో అక్కడే ఆపేసి మళ్లీ ఆ సిరీస్ వైపు చూడలేదు. అందుకని రెండు ఎమ్మీ టీవీ అవార్డులు గెలిచిన ‘శాన్ జునిపెరో’తో మొదలుపెట్టమనేవారు ఉన్నారు. అది ఆ సిరీస్‌లోకెల్లా మెత్తని కథ. మిగతావన్నీ అలాగే ఉంటాయనుకున్నవాడు రెండోరోజే భంగపడతాడు. ఈ ముఠాలో తెలివైనవాళ్లు దాన్ని రెండో స్థానానికి జరిపి, జ్ఞాపకాలను రికార్డు చేసే పరికరం ఒక కాపురంలో పెట్టిన చిచ్చు కథ ‘ది ఎంటైర్ హిస్టరీ ఆఫ్ యూ’ ముందు చూపిస్తారు. పాత కథల వస్తువులన్నీ కొలువుదీరిన ‘బ్లాక్ మ్యూజియం’ను మాత్రం చివరికి అట్టిపెడతారు.

అయినా ధర్మం పూర్తిగా ఓడిపోలేదు. ‘బ్లాక్ మిర్రర్’ నాలుగో సీజన్‌లో 2017లో వచ్చిన ‘యూఎస్ఎస్ క్యాలిస్టర్’కు 2025లో ఏడో సీజన్ చివర కొనసాగింపు వచ్చింది. ముందుది చూడకుండా వెనుకది చూస్తే ఎవరు ఎవరో తెలియదు. ఇక్కడైనా వరుస తప్పదు కదా అని ఒక వరుసద్రోహిని నిలదీశాను. తప్పదని వినయంగా ఒప్పుకున్నాడు. మధ్యలో ఉన్నవన్నీ వదిలేసి ఆ రెండూ ఒకే రాత్రి చూశాడట.