పీజీ నోటీసులో అమ్మానాన్నలకు ముందు తెలియాల్సింది

జూన్ వచ్చిందంటే మన సంఘం వాట్సాప్ గ్రూపులోకి పీజీ హాస్టళ్ల నోటీసుల ఫొటోలు వస్తుంటాయి. అనంతపురం, కదిరి, మదనపల్లె వైపు నుంచి బెంగళూరు కాలేజీల్లో చేరే పిల్లల తల్లిదండ్రులు "ఇందులో ఏముందో కాస్త తెలుగులో రాసి పంపండన్నా" అని అడుగుతారు. మనవాళ్లలో ఎవరో ఒకరు తీరిక చేసుకుని మొదటి రూలు నుంచి చివరి రూలు దాకా వరసగా తెలుగు చేసి పంపుతారు. ఆ శ్రమను నేను తక్కువ చేయడం లేదు. అయితే ఈ వరసను మనం మార్చాలి.

పీజీ నోటీసు రాసేది ఓనరు. అతనికి రోజూ తలనొప్పి తెప్పించేవన్నీ పైన ఉంటాయి: లైట్లు ఆర్పండి, చెప్పులు బయట విడవండి, గదిలో కెటిల్, ఇండక్షన్ స్టవ్ వాడొద్దు, పది దాటాక పాటలు పెట్టొద్దు. ఇవి పిల్లలు పాటించాల్సినవి. మొదటి వారంలోనే వాళ్లకు అర్థమైపోతాయి. తల్లిదండ్రుల జేబుకు తగిలేవి మాత్రం అడుగున, చిన్న అక్షరాల్లో ఉంటాయి: అడ్వాన్సు, మెయింటెనెన్స్ కోత, ఖాళీ చేసే ముందు ఇవ్వాల్సిన గడువు. తెలుగు కాగితంలో ఇవి పైకి రావాలి. కానీ రూలు నంబరు మాత్రం ఇంగ్లిష్ నోటీసులో ఏది ఉందో అదే ఉంచాలి. పద్నాలుగో రూలు మొదట రాసినా దాని పక్కన 14 అనే ఉండాలి. ఎందుకంటే రేపు డబ్బు దగ్గర మాటామాటా వచ్చినప్పుడు, ఊరి నుంచి ఫోన్లో మాట్లాడే తండ్రి "మీ 14వ రూలు చూడండి సార్" అనగలగాలి. సంతకం పెట్టేది ఇంగ్లిష్ కాగితం మీదే. గొడవ వస్తే ఎవరైనా తీసి చూసేదీ దాన్నే.

అన్నిటికంటే ఎక్కువ నష్టం తెచ్చేది నోటీస్ పీరియడ్ రూలు. బెంగళూరులో మడివాళ వైపు ఒక పీజీ నోటీసులో ఉన్నది తెలుగులో ఇలా వస్తుంది: ఖాళీ చేయాలంటే ఆ నెల 5వ తేదీ లోపు చెప్పాలి, 5 దాటాక చెబితే వచ్చే నెల 1 నుంచి లెక్క, చెప్పకుండా వెళ్తే అడ్వాన్సు రాదు. మాట తప్పేమీ లేదు. కానీ చదివిన తండ్రికి "నెల ముందు చెబితే చాలు కదా" అనే అర్థమవుతుంది. అందుకే దాని కింద ఒక లెక్క వేసి చూపించాలి. నెల అద్దె 8,500, అడ్వాన్సు 10,000, వెళ్లేటప్పుడు మెయింటెనెన్స్ కింద 2,000 కోత అనుకుందాం. అబ్బాయికి అక్టోబరులో కాలేజీ హాస్టల్లో సీటు దొరికింది. అక్టోబరు 5 లోపు చెప్పి 31న ఖాళీ చేస్తే 8,000 చేతికి వస్తుంది. అదే మాట 12న చెబితే లెక్క నవంబరు 1 నుంచి మొదలవుతుంది కాబట్టి నవంబరు అద్దె 8,500 కూడా కట్టాలి, ఆ తర్వాతే 8,000 వెనక్కి ఇస్తారు. అద్దె కట్టకుండా అక్టోబరు 31నే వెళ్లిపోతే ఆ 8,000 వదులుకున్నట్టే. వారం ఆలస్యానికి ఎటు చూసినా ఎనిమిది వేలకు తగ్గకుండా పోతుంది. గది వాడుకోని పక్షంలో రెండింట్లో వదులుకోవడమే అయిదు వందలు చవక అన్న సంగతి కూడా ఈ లెక్క వేస్తే తప్ప ఎవరికీ తట్టదు. కదిరి దగ్గర ఒక పల్లె నుంచి ఒకాయన డబ్బు పోయాక నాతో అన్నమాట: "ఈ లెక్క ముందే చెప్పింటే ఆ పొద్దే ఫోన్ చేసుందుము కదన్నా."

తేదీలు రాసేటప్పుడూ జాగ్రత్త పడాలి. 5వ తేదీ లోపు అంటే కొందరు 4వ తేదీ దాకానే అనుకుంటారు, కొందరు 5 కూడా కలుపుకుంటారు. ఓనరును అడిగి "5వ తేదీ రాత్రి దాకా" అనో, "4వ తేదీ లోగా" అనో తేల్చి రాయాలి. ఎలా చెప్పాలన్నది కూడా తేల్చాలి. వార్డెన్‌కు నోటిమాటగా చెబితే చెల్లుతుందా, వాట్సాప్ మెసేజ్ పెట్టాలా, కాగితం మీద రాసివ్వాలా? నోటీసులో లేకపోతే వాట్సాప్ మెసేజ్ పెట్టి, దాని ఫొటో దాచుకోమని విడిగా ఒక మాట చెప్పడం మంచిది.

డబ్బు తర్వాత రావాల్సింది ఫోను సంగతి. చాలా పీజీల్లో, ముఖ్యంగా ఆడపిల్లలవాటిలో, రాత్రి బయట ఉండాలన్నా, పండక్కి ఊరికి వెళ్లాలన్నా అడ్మిషన్ ఫారంలో రాసిన నంబరు నుంచి తల్లో తండ్రో ఫోన్ చేసి ఒప్పుకోవాలి. వేరే నంబరు నుంచి చేస్తే ఒప్పుకోరు. మన పల్లెల్లో ఒక ఫోన్లో రెండు సిమ్ములు ఉంటాయి, ఒకదానికి రీచార్జ్ చేసి రెండోది వదిలేస్తారు. ఫారం మీద ఆ వదిలేసిన నంబరు ఉంటే సంక్రాంతికి బస్సు టికెట్ చేతిలో పెట్టుకుని అమ్మాయి గేటు దగ్గర నిలబడుతుంది. ఇక వార్డెన్ చేసే ఫోను తెలియని నంబరని అమ్మ ఎత్తదు. కాబట్టి తెలుగు కాగితంలో ఈ రూలు పక్కనే వార్డెన్ నంబరు పెద్ద అంకెల్లో రాసి, "ఇది మీ ఫోన్లో సేవ్ చేసుకోండి" అని చెప్పాలి.

వాక్యం విషయంలో నాకు గట్టి పట్టింపు ఒకటుంది. "జరిమానా విధించబడును", "అనుమతించబడదు" అనే రాత తీసేయాలి. ఎవరు, ఎంత, దేనికి తీసుకుంటారో సూటిగా రాయాలి: "అద్దె కట్టడం 5వ తేదీ దాటితే రోజుకు 100 రూపాయలు ఓనరు తీసుకుంటారు." అదే సమయంలో రూలును మెత్తబరచే హక్కు మనకు లేదు. "విలువైన వస్తువులకు యాజమాన్యం బాధ్యత వహించదు" అని ఉంటే, మనవాళ్లు కంగారు పడతారని "వస్తువులు జాగ్రత్తగా చూసుకోండి" అని రాస్తున్నారు. అది రూలు కాదు, మన సలహా. లాప్‌టాప్ పోతే ఓనరు ఏమీ ఇవ్వనంటున్నాడని ఉన్నదున్నట్టు తెలియాలి. అప్పుడే తండ్రి గదిలో తాళం వేసే అల్మరా ఉందా అని డబ్బు కట్టకముందే అడుగుతాడు.

నోటీసులో లేనివి కొన్ని ఉంటాయి. అవి చెప్పాలి కానీ రూళ్లలో కలపకుండా కింద గీత గీసి, "ఇవి నోటీసులో లేవు, మేం చెబుతున్నవి" అని రాయాలి. ఉదాహరణకు, కొన్ని నోటీసుల్లో అద్దె మీద జీఎస్టీ అదనం అని ఉంటుంది. 2024 జులై నుంచి కాలేజీ బయటి హాస్టళ్లలో కూడా, బసకు మనిషికి నెలకు 20,000 దాటకుండా, వరసగా కనీసం 90 రోజులు ఉంటే జీఎస్టీ లేదు. అలాగే ఆ ఏడాదే బెంగళూరు మహానగర పాలికె పీజీలకు నిబంధనలు పెట్టింది, మనిషికి కనీసం 70 చదరపు అడుగుల చోటు అందులో ఒకటి. త్రీ షేరింగ్ గదికి డబ్బు కట్టే ముందు ఆ గదిని ఒకసారి టేపుతో కొలవమని చెబితే చాలు.

చదవడం రాని అమ్మలకు ఇదంతా వాయిస్ మెసేజ్‌లో పంపొచ్చు. ఒక్కో రూలుకు ఒక్కో మెసేజ్, మొదట నంబరు చెప్పి. అలా చేస్తే కావాల్సింది మళ్లీ వెతుక్కోగలరు. ఇక చివరగా మన కమిటీకి ఒక మనవి: ప్రతి తెలుగు కాగితం మీదా పీజీ పేరు, నోటీసు ఫొటో తీసిన తేదీ వేద్దాం. ఏడాది తిరిగేసరికి అద్దె, కోత, గేటు టైము మారిపోతున్నాయి. పోయినేడు ఒకరికి రాసిన కాగితాన్ని ఈ ఏడు ఇంకొకరికి ఫార్వర్డ్ చేయడం ఈ జూన్ నుంచే ఆపేద్దాం.