పెళ్లికి రాలేనని మెసేజ్ పెట్టేముందు

"సారీనే, పెళ్లికి రాలేకపోతున్నా. ఆఫీసులో ఫుల్ బిజీ, లీవ్ దొరకట్లేదు. ట్రై చేస్తా గానీ కష్టమే. హ్యాపీ మ్యారీడ్ లైఫ్!"

మా చెల్లెలు ఇది టైప్ చేసి, పంపేముందు "ఇలా పెడితే చాలు కదక్కా?" అంటూ ఫోన్ నా చేతికిచ్చింది. పెళ్లి కూతురు ఎవరో కాదు, హాస్టల్లో దీని రూమ్మేటు. ఒకరి బట్టలు ఒకరు వేసుకుని తిరిగినవాళ్లు. అలాంటి పిల్లకి పెట్టే మెసేజ్ ఇదా? ఇందులో బూతు లేదు, విసుగు లేదు, చివర్లో శుభాకాంక్షలు కూడా ఉన్నాయి. అయినా చదవగానే చెంప మీద కొట్టినట్టుంది. ఎందుకా అని ఇద్దరం కూర్చుని ఒక్కో ముక్కా విప్పి చూశాం. ఇలాంటి మెసేజులు రోజూ ఎవరో ఒకరు పంపుతూనే ఉంటారు కాబట్టి ఇక్కడ రాస్తున్నా.

ముందు ఆ "ట్రై చేస్తా గానీ" సంగతి. నా లెక్కలో ఈ మెసేజ్‌లో అన్నిటికన్నా పెద్ద తప్పు అదే. మెత్తగా ఉంటుందని అందరూ దాన్ని వాడతారు. కానీ అవతల మనిషి ఎంతమంది వస్తారు, ఎంతమందికి వండించాలి, ఎవరికి గది ఉంచాలి అని లెక్కలు వేసుకుంటోంది. మనం మొహమాటపడి సగం తలుపు తీసి ఉంచితే, ఆ పిల్ల మన పేరు పక్కన ప్రశ్నార్థకం పెట్టుకుని, పెళ్లి దగ్గర పడ్డాక మళ్లీ మనకే ఫోన్ చేసి అడగాలి. రావడం లేదని మనకి ముందే తెలుసు. తెలిసీ ఆ పని ఆమె నెత్తిన పెట్టడం మర్యాద ఎలా అవుతుంది? రాలేను అంటే రాలేను, అంతే. మెత్తదనం చూపించడానికి మెసేజ్‌లో మిగతా చోటంతా ఉంది.

తర్వాత "ఆఫీసులో బిజీ". దీన్ని గట్టిగా అడిగితే అసలు సంగతి బయటపడింది. బిజీ లేదు, పాడూ లేదు. ఈ నెల దాని చేతిలో డబ్బుల్లేవు. రానూపోనూ ప్రయాణం, అక్కడ ఉండటం, కానుక, అన్నీ కలిపితే తలకి మించిన ఖర్చు. అది చెప్పుకోలేక ఆఫీసుని అడ్డం పెట్టుకుంది. చెప్పుకోలేకపోవడం నాకు అర్థమవుతుంది. పైగా పెళ్లి పనుల్లో ఉన్న పిల్లకి మన జేబు సంగతి చెప్తే "టికెట్ నేను తీస్తాలే" అంటుంది, అది ఇంకో ఇబ్బంది. కానీ అబద్ధపు కారణంతో రెండు చిక్కులున్నాయి. ఒకటి, కారణం చెప్పామంటే దానికి విరుగుడు కూడా వస్తుంది. లీవ్ దొరకట్లేదంటే "ఆదివారమేగా, పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లిపో" అంటుంది. అప్పుడు ఇంకో అబద్ధం వెతుక్కోవాలి. రెండోది, బిజీ అన్నమాట వినేవాళ్లకి "నీ పెళ్లికన్నా నాకు ముఖ్యమైన పనులున్నాయి" అనే వినిపిస్తుంది. నిజంగా పని ఉన్నా సరే, అలాగే వినిపిస్తుంది.

చెప్పగలిగిన కారణమైతే ఒక్క ముక్కలో చెప్పేయాలి. ఆ రోజే పరీక్ష ఉంది, అమ్మకి ఆపరేషన్ ఉంది, అంతవరకూ చాలు. చెప్పలేనిదైతే "ఈసారి ప్రయాణం కుదరడం లేదు" అని ఊరుకోవాలి. కారణం లేకపోతే బాగోదని చాలామంది భయం. నిజానికి మూడు కారణాలు వరసగా చెప్పినవాళ్లనే ఎవరూ నమ్మరు. "నా పరిస్థితి ఏం బాలేదు, అవన్నీ కలిసినప్పుడు చెప్తా" అని మాత్రం రాయకండి. అది చదివి పెళ్లి కూతురు మన గురించి బెంగపెట్టుకుంటుంది.

"సారీ"ని మొదటి మాటగా పెట్టడం కూడా నాకు నచ్చదు. చదివేవాళ్లు ఇంకేం చూడకముందే "అయ్యో, పర్లేదులే" అని మనల్ని ఓదార్చాలి. కబురు వాళ్లది, సంతోషం వాళ్లది, మనం వెళ్లి మన బాధతో మొదలుపెడతాం. ఇక "హ్యాపీ మ్యారీడ్ లైఫ్" గురించి చెప్పేదేముంది! పక్కింటాయన పెట్టినా అదే, పాత బాసు పెట్టినా అదే. హాస్టల్ స్నేహితురాలు కూడా అదే పెడితే ఇంకేం మిగిలింది?

అందుకే చెల్లెల్ని అడిగా, "పెళ్లికొడుకు గురించి నీకేం తెలుసు?" అని. అంతే, గంట సేపు చెప్పింది. అతని నుంచి మెసేజ్ వస్తే ఈ పిల్ల దుప్పటి ముసుగేసుకుని నవ్వుకునేదట, ఫోన్ వెలుతురికి దీనికి నిద్రపట్టేది కాదట. "మరి ఇది రాయవే!" అన్నా. చివరికి తేలిన మెసేజ్ ఇది:

"శుభలేఖ చూశానే! మీ ఇద్దరి పేర్లూ పక్కపక్కన చూసి ఎంత సంతోషమేసిందో. దుప్పట్లో ఫోన్ పెట్టుకుని నువ్వు నవ్వుతుంటే నిద్రపట్టక తిట్టుకున్న రాత్రులన్నీ ఇవాళ్టికి క్షమించేశా. నాకు ఈసారి ప్రయాణం కుదరడం లేదే, పెళ్లికి రాలేను, నన్ను లెక్కలో వేసుకోకు. అక్కడ లేనందుకు నాకే ఎక్కువ బాధ. పెళ్లయిన తర్వాతి ఆదివారం సాయంత్రం నేనే ఫోన్ చేస్తా, మొదట్నుంచీ చివరిదాకా చెప్పాలి. పనుల్లో ఉంటావు, దీనికి జవాబివ్వక్కర్లేదు."

ఇందులో రాలేననే మాట మధ్యలో ఉంది. కావాలనే అలా పెట్టాం. మొదట్లో పెడితే మిగతాదంతా సంజాయిషీలా ఉంటుంది, ఆఖర్న పెడితే పైన రాసిన ప్రేమంతా దానికోసం సిద్ధం చేసిన రంగంలా ఉంటుంది. బాధపడుతున్నానన్న మాట కూడా ఉంది, ఒక్కసారే ఉంది, అదీ రాలేనని తేల్చి చెప్పిన తర్వాత. "తర్వాత తప్పకుండా కలుద్దాం" అనే మాట పెట్టకుండా, దానికి బదులు ఒక రోజు రాశాం. కలుద్దామనేది ఎవరూ నిలబెట్టుకోరని అందరికీ తెలుసు. అయితే రోజు రాశాక ఆ రోజు ఫోన్ చేసి తీరాలి. చేసే ఉద్దేశం లేకపోతే ఆ వాక్యం మొత్తం కొట్టేయండి, మెసేజ్‌కేం లోటు రాదు.

ఇది అందరికీ ఇలాగే పనికిరాదు. ముఖపరిచయం ఉన్న సహోద్యోగి పిలిస్తే ఇంత రాయడం అతి. "పిలిచినందుకు చాలా సంతోషమండీ. ఆ రోజు నాకు కుదరడం లేదు, రాలేను. మీ ఇద్దరికీ నా శుభాకాంక్షలు" అంటే సరిపోతుంది. పెద్దవాళ్లు స్వయంగా ఫోన్ చేసి పిలిచినప్పుడు మాత్రం మెసేజ్ ఎంత బాగా రాసినా తీసిపారేసినట్టే ఉంటుంది. వాళ్లు గొంతుతో పిలిచారు కాబట్టి మనమూ గొంతుతోనే చెప్పాలి, "బాబాయ్, రాలేకపోతున్నాను" అని. గ్రూపులో పిలిచినా జవాబు విడిగానే పంపాలి. గ్రూపులో ఒకళ్లు రాలేనంటే ఆ వెనకే ఇంకో నలుగురు వరస కడతారు, పెళ్లివాళ్లు అవన్నీ చూస్తూ కూర్చోవాలి.

ఇంకోటి, ఇవన్నీ పిలుపు అందిన రెండు మూడు రోజుల్లో పంపితేనే. పెళ్లి ముందురోజు రాత్రి ఎంత అందంగా రాసి పంపినా, ఇన్నాళ్లూ ఏం చేశావనే అడుగుతారు.