అట్ట మీద మాస్టారు, చెట్టు కింద పిల్లాడు

ఈమధ్య వస్తున్న తెలుగు ఆత్మకథల అట్టలు ఓ పది వరసగా పేర్చి చూడండి. చాలావాటికి నమూనా ఒకటే. ఒక పక్క రచయిత ఫొటో, దాని వెనకో కిందో గీసిన ఊరు: చెరువు, బడి, రేవు, ఎడ్లబండి. ఎక్కడ ఖాళీ దొరికితే అక్కడ పుస్తకం పేరు. బాపు గీసిన అట్టల కాలంలో ఈ పేచీ పెద్దగా లేదు. ముందట్ట బొమ్మది, వెనకట్ట ఫొటోది. కంప్యూటరొచ్చి రెంటినీ ఒకే కాగితం మీద కూర్చోబెట్టింది. కూర్చున్నాయి కానీ కలవలేదు.

ఎందుకు కలవవంటే, పని తలకిందులుగా జరుగుతోంది కాబట్టి. ముందు బొమ్మ గీయిస్తారు. అది బాగుందనుకున్నాక, ప్రెస్సుకి పంపే ముందురోజు రచయిత ఫొటో వస్తుంది. అప్పుడు ఆ ముఖాన్ని బొమ్మకి తగ్గట్టు తెల్లబరిచో, ఎర్రబరిచో అతికిస్తారు. నా వాదన ఒక్కటే: ముందు ముఖం తేలాలి, ఆ ముఖం రంగులోంచి బొమ్మలో మనుషుల రంగు పుట్టాలి. అట్టలు చేసుకు బతికేవాణ్ని కాబట్టి నా చేతిలో చెడిపోయి బాగుపడిన ఒక అట్ట సంగతే చెబుతాను.

కృష్ణా జిల్లాలో రిటైరైన ఒక మాస్టారి జ్ఞాపకాలు. పుస్తకం పేరు మార్చి చెబుతున్నాను, ‘మర్రిచెట్టు బడి’ అనుకోండి. డెమ్మీ సైజు, అంటే అయిదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. బొమ్మలో పొద్దుటిపూట మర్రిచెట్టు, దాని కింద చాప మీద పలకతో కూర్చున్న ఏడెనిమిదేళ్ల కుర్రాడు. ఆ కుర్రాడు మాస్టారే. కుడివైపు ఇప్పటి మాస్టారి ముఖం పెద్దగా రావాలి. ఆలోచన మంచిదే. అరవై ఏళ్ల ఎడంలో ఒకే మనిషి రెండుసార్లు ఒకే అట్ట మీద.

ఫొటో అమెరికాలో ఉన్న వాళ్లమ్మాయి పంపింది, వాట్సాప్‌లో. మొదటి చిక్కు అక్కడే. అట్ట మీద ముఖం మూడంగుళాల ఎత్తు ఉండాలంటే, అంగుళానికి 300 చొప్పున 900 పిక్సెళ్లు కావాలి. వచ్చినది నిలువెత్తు ఫొటో, అదీ వాట్సాప్ కుదించినది. అందులో ముఖం ఎత్తు 200 పిక్సెళ్లు దాటలేదు. పెద్దది చేస్తే మీసం ఒక మసకగీత. “డాక్యుమెంటుగా పంపమ్మా, మామూలు ఫొటోలా కాదు” అని అడిగితే ఈసారి పెద్దది పంపింది. కింద ఒక మాట కూడా: “అంకుల్, నాన్నని కొంచెం బ్రైట్ చేశాను, బానే ఉంది కదా?”

బ్రైట్ అంటే తెలుపు. ఫోన్లో ముఖం నున్నబరిచే మీట ఒకటుంటుంది. బుగ్గల మీది గరుకు పోయింది, కళ్లకింద ముడతలు పోయాయి, వాటితోబాటు మాస్టారి చామనఛాయా పోయింది. నేనూ పెద్దగా పట్టించుకోలేదు. తొందర. అతికించి నమూనా తీయించి ప్రెస్సుకి పట్టుకెళ్లాను. అక్కడ కాగితం కోసే కుర్రాడు అట్ట కేసి చూసి మామూలుగా అడిగాడు: “ఆ పిల్లోడెవరండీ, అయ్యగారింట్లో పాలేరా?”

అతని తప్పేం లేదు. గోధుమరంగు పెద్దమనిషి, ఆయన పక్కన ముదురురంగు పిల్లాడు. మన కళ్లకి అలవాటైన అర్థం అదే. ఆర్టిస్టు ఎండలో తిరిగిన పల్లెటూరి కుర్రాణ్ని నిజాయితీగానే గీశాడు. ఫొటో ఆ నిజాన్ని కాదంది. రంగు కుదరకపోవడం అందం లోటని మనం అనుకుంటాం. ఇక్కడ అది కథనే మార్చేసింది. తన బడి గురించి రాసుకున్న మనిషి, తన పాలేరు గురించి రాసినవాడైపోయాడు.

తిరిగొచ్చి అమ్మాయిని అసలు ఫొటో అడిగాను. ఆపైన కొలతలు.

తెరమీద చూసి రంగు కలపడం ఎప్పుడూ మోసమే, అంకెలే నమ్మాలి. ఫొటోషాప్‌లో రంగు కొలిచే ఐడ్రాపర్‌ని ఒక్క పిక్సెల్ మీద కాకుండా అయిదు పిక్సెళ్ల చదరానికి సగటు చూపేలా పెట్టుకుని బుగ్గ మీద ఉంచాలి. నుదురు కాదు, అది మెరుస్తుంది. ముక్కు కాదు, అది ఎర్రగా ఉంటుంది. మెరుపూ నీడా లేని బుగ్గ మధ్యభాగం. అక్కడ కనిపించే అంకెలు అచ్చుకి వాడే నాలుగు సిరాల శాతాలు. మాస్టారి అసలు ఫొటోలో అక్కడ ఆకాశనీలం లాంటి సయాన్ 32, ముదురు గులాబీ లాంటి మెజెంటా 56, పసుపు 70, నలుపు 15 వచ్చాయి. తెల్లబరిచిన ఫొటోలో అదే చోట సయాన్ 15, మెజెంటా 34, పసుపు 38, నలుపు సున్నా. ఇక ఆర్టిస్టు వేసిన కుర్రాడి బుగ్గ మీద సయాన్ 10, మెజెంటా 65, పసుపు 85.

ఈ మూడు వరసల్ని చదవడం తెలిస్తే సగం పని అయినట్టే. మన ఒంటిరంగుల్లో పసుపు మెజెంటా కంటే కాస్త ఎక్కువుంటుంది. మెజెంటా దాన్ని దాటితే మనిషి కందిపోయినట్టు గులాబీగా కనిపిస్తాడు. సయాన్ మెజెంటాలో సగానికి అటూ ఇటూగా ఉంటేనే చామనఛాయ. మరీ పెరిగితే బూడిద పూసినట్టు, మరీ తగ్గితే నారింజపండులా. కుర్రాడిలో జరిగింది ఈ చివరిదే. తెర మీద ఎండ తగిలినట్టు ముచ్చటగా ఉన్నాడు, కాగితం మీద ఇటుక రంగుకి తిరిగాడు. అంటే తప్పు ఒక్క ఫొటోదే కాదు. ఇద్దరూ చెరోపక్కకి జరిగిపోయారు.

అలాగని మాస్టారి అంకెలే తీసుకెళ్లి కుర్రాడికి పూయకూడదు. కొత్తవాళ్లు చేసే పని ఇది. కుర్రాడు చెట్టునీడలో ఉన్నాడు, మాస్టారు వెలుగులో ఉన్నాడు. నీడలోని ఒళ్లు అదే రంగులో ఇంకాస్త లోతుగా ఉండాలి. కలవాల్సింది అంకెలు కాదు, వాటి మధ్య పాళ్లు. ఆర్టిస్టుతో మాట్లాడి కుర్రాడి బుగ్గని సయాన్ 38, మెజెంటా 60, పసుపు 75, నలుపు 20 దగ్గరికి తెచ్చాం. అతను ఒళ్లూ బట్టలూ చెట్టూ వేర్వేరు లేయర్లలో ఉంచబట్టి పది నిమిషాల్లో అయింది. అన్నీ ఒకే పొరగా కలిపేసి ఇచ్చుంటే పలక కూడా చామనఛాయకి తిరిగేది.

రంగు కుదిరాక కూడా ముఖం అతికించినట్టే ఉంది. కారణం వెలుగు. బొమ్మలో ఎండ ఎడమవైపు నించి వస్తోంది. ఫొటోలో స్టూడియో లైటు కుడివైపు. సులువు మార్గం ఫొటోని అద్దంలోలా తిప్పేయడం. తిప్పాను. మాస్టారి భార్య ఒక్క చూపులో పట్టేశారు: “ఈయన జేబు అటెలా పోయిందయ్యా? పుట్టుమచ్చ కూడా పోయిందే!” చొక్కా జేబు ఎడమ రొమ్ము మీద కదా ఉండేది. ముఖాన్ని తిప్పితే పాపిడి, మచ్చ, జేబు అన్నీ సాక్ష్యం చెబుతాయి. ఇక కుదరక, మర్నాడు పొద్దున్న మాస్టారిని వాళ్ల వరండాలో, ఎడమపక్క నించి వెలుగు పడేలా కూర్చోబెట్టి కొత్తగా తీశాం. రెండు రోజులు ఫొటోషాప్‌తో పెనుగులాడేకంటే ఆ పది నిమిషాలు నయం.

ఒకటి మాత్రం కంప్యూటర్లోనే చేయాలి. ఆర్టిస్టు చెట్టునీడల్ని నల్లగా కాక నీలి ఊదా రంగులో వేశాడు. ఫొటోలో మెడకింద నీడ మామూలు నలుపు. ఆ ఊదానే పల్చగా, మెడ కిందా చెవి వెనకా, కింది రంగుని ముదిర్చే మల్టిప్లై లేయరుగా పూస్తే ముఖం బొమ్మలోకి దిగింది. అక్కడితో ఆపాలి. ముఖానికి పెయింటింగ్ ఫిల్టరు వేసి బొమ్మలా మార్చేవాళ్లున్నారు. అది ఫొటోగానూ మిగలదు, బొమ్మగానూ తేలదు. చూసేవాడికి రెంటి మధ్యా ఉన్న తేడా తెలియాలి, తగువు తెలియకూడదు. ఆ తగువు పట్టుకోవడానికి నాదొక పాత పద్ధతి: మొత్తం అట్టని నలుపు తెలుపు చేసి, అగ్గిపెట్టంత చేసి చూస్తాను. ముఖం ఒక్కటే బయటికి దూకితే వెలుగు ఇంకా కుదరలేదన్నమాట.

ఇక పేరు. తెలుగు పుస్తకం అట్టకి ఇంగ్లీషు పుస్తకంలా పైన ఒక పట్టీ వదిలితే చాలదు. మన అక్షరానికి పైన గుడి, కింద ఒత్తు. ‘మర్రిచెట్టు’లో ర్రి, ట్టు రెండూ కిందికి దిగుతాయి. రెండో వరసలో ‘బడి’ పెడితే డి గుడి వెళ్లి ట కింది ఒత్తుకి తగులుతుంది. తగలకుండా వరసల్ని దూరం జరిపితే పేరు రెండు ముక్కలై, రెండు వేరు పుస్తకాల్లా కనిపిస్తుంది. చివరికి ‘బడి’ని కుడివైపుకి, ట్టు దాటాక ఉన్న ఖాళీలోకి జరిపి పైకి దగ్గరగా లాగాను. దీనికి అట్ట ఎత్తులో దాదాపు మూడోవంతు పట్టింది. బొమ్మ పూర్తయ్యాక ఆ మూడోవంతు ఎక్కడినించి వస్తుంది? అందుకే పెన్సిలు స్కెచ్ దశలోనే పేరు రాసి ఆర్టిస్టుకి ఇవ్వాలి.

మొదటి బొమ్మలో పేరు చోట ఆకులున్నాయి. గుండ్రటి ఆకుల మీద గుండ్రటి తెలుగు అక్షరాలు. ఆకులేవో ఒత్తులేవో తెలీలేదు. ఊడలైతే మరీను, ఒక్కోటీ ఒక్కో దీర్ఘంలా వేలాడింది. అక్షరాల చుట్టూ తెల్లటి అంచు పెట్టడం, వెనక నీడ వేయడం ఇలాంటప్పుడే మొదలవుతుంది. సినిమా పోస్టర్‌కి చెల్లుతుందేమో, నాకైతే అది ఓటమి ఒప్పుకోవడమే. కొమ్మల్ని ఎడమకి తగ్గించి పైన ఉత్త ఆకాశం వదిలించాం. పేరు ముదురు గోధుమరంగులో, అంచుల్లేకుండా చక్కగా నిలబడింది.

ఆకాశం వదిలాక మాస్టారి తెల్లజుట్టు ఇంకో పరీక్ష పెట్టింది. స్టూడియో ఫొటో అయ్యుంటే వెనకున్న నీలం తెర రంగు జుట్టు అంచున పట్టుకుని, తల చుట్టూ దేవుడి పటంలోలా వలయం వచ్చేది. వరండా ఫొటోలో వెనక ముదురు తలుపు ఉంది. అయినా అంచుని కత్తిరించినట్టు కాకుండా వెంట్రుకల్ని కొంచెం కరగనిచ్చి, వెనక ఆకాశం నీలాన్ని ఒక ఛాయ ముదిరిస్తేగానీ తల గాల్లో కలిసిపోకుండా ఆగలేదు.

చివరి నమూనాని పుస్తకానికి వాడే కార్డు మీదే, మ్యాట్ లామినేషన్‌తో సహా తీయించాను. మ్యాట్ వేశాక ఒంటిరంగు కొంచెం మొద్దుబారుతుంది. కాబట్టి లామినేషన్ లేని నమూనా చూసి సరేననడం అరకొర పని. ట్యూబ్‌లైటు కింద కాకుండా వాకిట్లో పగటి వెలుగులో చూపించాను. మాస్టారు ఏమీ అనలేదు. అట్టని ఒళ్లో పెట్టుకుని, మోచేయి దగ్గర చొక్కా పైకి మడిచి, చెయ్యి కుర్రాడి పక్కన ఆనించి చూసుకున్నారు.

మొదటి 500 ప్రతులు ఆఫ్‌సెట్‌లో బాగానే వచ్చాయి. అవి అయిపోయాక ఇంకో వంద డిజిటల్‌లో వేయించారు, నన్ను అడక్కుండా. మిషను వేరు, ఇంకు తీరు వేరు. ఇద్దరూ ఎర్రబడ్డారు. కాకపోతే ఈసారి ఇద్దరూ ఒకేలా ఎర్రబడ్డారు.