కౌంటర్ ఆఫర్ వచ్చిందా? నిర్ణయం తీసుకోకముందే రిక్రూటర్‌కు చెప్పండి

కొత్త కంపెనీ ఆఫర్‌కు సరేనని, రాజీనామా మెయిల్ పంపాక పాత కంపెనీకి మెలకువ వస్తుంది. "ఉండిపో, జీతం పెంచుతాం" అంటుంది. ఆ కౌంటర్ ఆఫర్ తీసుకోవాలా వద్దా అని సలహా ఇచ్చేవాళ్లకు కొదవ లేదు. నా పట్టింపు ఆ తర్వాతి రెండు మూడు రోజుల మీద. మనసు అటూ ఇటూ ఊగుతుంటుంది. రిక్రూటర్ ఫోన్ చేస్తే ఎత్తబుద్ధి కాదు. ఎత్తినా "జాయిన్ అవుతున్నారు కదా?" అన్న ప్రశ్నకు "అవుతున్నానండి" అని తప్పించుకుంటాం. ఈ ఒక్క మాటే అసలు నష్టం చేస్తుందని నేనంటాను. ఆలోచనలో పడ్డామని, ఆలోచనలో ఉండగానే చెప్పాలి.

నేను కొన్నేళ్లు నియామకాల పని చేశాను. మీరు సరే అన్న రోజున రెండో స్థానంలో ఉన్న అభ్యర్థికి వెంటనే 'సారీ' మెయిల్ వెళ్లదు. చాలాచోట్ల కొన్నాళ్లు హోల్డ్‌లో పెడతారు. మీరు ఖాయమని నమ్మాకే వదిలేస్తారు. ఆ మనిషి ఇంకోచోట చేరిపోతాడు. ఊగిసలాట మొదటి రోజే తెలిస్తే రిక్రూటర్ అతన్ని ఇంకొన్నాళ్లు ఆపగలడు. చేరాల్సిన రోజు ముందు రాత్రి తెలిస్తే వెతుకులాట మళ్లీ మొదటికి వస్తుంది. ఏజెన్సీ రిక్రూటర్ అయితే, మామూలుగా మీరు చేరితేనే అతనికి ఫీజు. అందుకే మీ మౌనం అతనికి అంత టెన్షన్.

నాకు తెలిసిన ఒకామెకు 30 శాతం పెంపుతో ఆఫర్ వచ్చింది. సోమవారం రాజీనామా ఇచ్చింది. బుధవారం మేనేజర్ పిలిచి 25 శాతం పెంపు, ప్రమోషన్ అన్నాడు. గురువారం పొద్దున్నే ఆమె రిక్రూటర్‌కు ఫోన్ చేసింది. "మేడం, నిన్న మా వాళ్లు కౌంటర్ ఆఫర్ ఇచ్చారు. నేను అడగలేదు, కానీ వచ్చాక ఆలోచనలో పడ్డాను. మీ ఆఫర్ వద్దనడం లేదు. ఖాయంగా వస్తానని మాత్రం ఈరోజు చెప్పలేను. శుక్రవారం సాయంత్రం 5 గంటల్లోగా ఏదో ఒకటి చెప్తాను. ఈలోగా మీరు ఇంకొకరితో మాట్లాడుకోవాల్సి వస్తే మాట్లాడుకోండి."

ఇందులో బేరం లేదు, గడువు ఉంది. అవతలివాళ్లకు తమ దారి చూసుకునే వీలు కూడా ఉంది. కొత్త కంపెనీ ఇంకొంచెం పెంచాలని మనసులో ఉంటే ఆ మాట సూటిగా అడగొచ్చు, తప్పేం లేదు. 'ఆలోచిస్తున్నా' అనే ముసుగులో అడగడమే తప్పు.

రిక్రూటర్ రెండే ప్రశ్నలు వేసింది. కౌంటర్ ఆఫర్ కాగితం మీద ఇచ్చారా? మా ఆఫర్‌లో మీకు ఇబ్బందిగా ఉన్నదేమిటి? మొదటి ప్రశ్న పుణ్యాన ఆమె లెటర్ అడిగింది. చూస్తే నెలనెలా జీతంలో పెరిగేది 15 శాతమే. మిగతా 10 శాతం ఏడాది ఉంటేనే ఒక్కసారి ఇచ్చే రిటెన్షన్ బోనస్. ప్రమోషన్ ఊసే లేదు. రెండో ప్రశ్నకు ఆమె అప్పటిదాకా తనకు తానే ఒప్పుకోని సంగతి బయటికొచ్చింది. కొత్త ఉద్యోగం నైట్ షిఫ్ట్.

ఊగుతున్నామని చెబితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారని, తేల్చుకున్నాకే నోరు విప్పాలని కొందరంటారు. ఆ ప్రమాదం ఉన్నమాట నిజమే, తీసుకున్న కంపెనీలను చూశాను. అయితే రెండు రోజుల గడువుతో మర్యాదగా చెప్పిన మాటకే ఆఫర్ లాగేసుకునే చోటు ఎలాంటిదో చేరకముందే తెలిసినట్టే కదా.

అసలు కోపం రావాల్సింది అభ్యర్థి మీద కాదు. ఆమె మూడు నెలల కిందట పెంపు అడిగితే బడ్జెట్ లేదన్నారు. రాజీనామా ఇచ్చిన రెండు రోజులకు అదే బడ్జెట్ ఎక్కడి నుంచి వచ్చింది? డబ్బు అప్పుడూ ఉంది, ఆమె విలువ అప్పుడూ తెలుసు. వెళ్లిపోతానంటే తప్ప ఇవ్వకూడదన్నదే లెక్క. ఇలా నడిపే కంపెనీలే మనిషిని రెండు పడవల మీద నిలబెడుతున్నాయి. ఏటా జరిగే సమీక్షలో ఆ 15 శాతం ఇచ్చి ఉంటే ఆమె బయట ఇంటర్వ్యూకే వెళ్లేది కాదు, ఇంకో కంపెనీ నెల రోజుల శ్రమ మిగిలేది.

శుక్రవారం మధ్యాహ్నం ఆమె మళ్లీ ఫోన్ చేసింది. షిఫ్ట్ మార్చడం కుదరదని తేలింది కాబట్టి ఉన్నచోటే ఉంటున్నానని, మీ టైమ్ తీసుకున్నందుకు క్షమించమని చెప్పింది. రిక్రూటర్ నొచ్చుకున్నా, ముందే చెప్పినందుకు థ్యాంక్స్ అంది. హోల్డ్‌లో ఉన్న రెండో అభ్యర్థికి ఆ సాయంత్రమే ఫోన్ వెళ్లింది.