బండి ఎవరి పేరు మీద?

కాలేజీలు తెరిచే రోజుల్లో బెంగళూరులో మడివాళ నుంచి ఎలక్ట్రానిక్ సిటీ దాకా ఏ బైక్ షోరూమ్‌కి వెళ్లినా తెలుగు వినపడుతుంది. అనంతపురం నుంచో చిత్తూరు నుంచో తెల్లవారుజామున బస్సు దిగిన నాన్న, పక్కనే కొత్తగా కాలేజీలో చేరిన కొడుకు, ఇద్దరి ముందూ ఒక 125 సీసీ బండి. రంగు దగ్గర అరగంట, మైలేజీ దగ్గర పావుగంట పోతుంది. ఇన్సూరెన్స్‌కి అర నిమిషం. "అన్నీ ఆన్‌రోడ్ ధరలోనే ఉన్నాయి సార్" అంటాడు సేల్స్ కుర్రాడు. లోన్ నాన్న పేరు మీద కాబట్టి ఆర్‌సీ కూడా నాన్న పేరు మీదే వస్తుంది. నడిపేది మాత్రం కొడుకు. ఇందులో తప్పేముంది అనుకుంటాం, అందరం చేసేదే కదా. కానీ ఇన్సూరెన్స్ లెక్కలో తేడా మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే.

ముందు, చట్టం తప్పనిసరి చేసింది ఏమిటో చూద్దాం. 1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం రోడ్డెక్కే ప్రతి బండికీ థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ ఉండాలి. లేకుండా దొరికితే మొదటిసారి 2,000 రూపాయలు, మళ్లీ దొరికితే 4,000 జరిమానా, జైలు శిక్ష వేసే వీలు కూడా ఉంది. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్‌కి ఇది ఒకేసారి అయిదేళ్లకి కట్టాలి. ఈ ప్రీమియం ఏ కంపెనీలోనైనా ఒకటే, ఎందుకంటే రేటు ప్రభుత్వమే నిర్ణయిస్తుంది. 2022 జూన్‌లో వచ్చిన రేట్ల ప్రకారం 75 దాటి 150 సీసీ లోపు బండికి అయిదేళ్లకి 3,851 రూపాయలు, పైన 18 శాతం జీఎస్టీ. అంటే సుమారు 4,544. ఈ ముక్కలో "మీకు డిస్కౌంట్ ఇప్పించాను" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి.

ఇంత డబ్బు కట్టాక మన కుర్రాడికి ఏమొస్తుంది? ఏమీ రాదు. థర్డ్ పార్టీ అంటేనే మూడో మనిషి. మన బండి తగిలి దెబ్బతిన్నవాళ్లకి, చనిపోతే వాళ్ల కుటుంబానికి మన తరఫున కంపెనీ పరిహారం కడుతుంది. అది లేకపోతే ఆ లక్షలు బండి యజమాని కట్టుకోవాలి కాబట్టి దాని విలువ తక్కువేం కాదు. కాకపోతే నడిపినవాడి కాలు విరిగినా, బండి ముందు భాగం నుజ్జయినా ఆ పాలసీకి సంబంధం లేదు.

నడిపే మనిషి కోసం వేరే లైను ఉంటుంది. పాలసీ కాగితంలో ప్రీమియం పట్టిక చూడండి, కుడివైపు గడిలో చిన్న అక్షరాలతో "కంపల్సరీ పీఏ ఓనర్ డ్రైవర్" అని, ఎదురుగా కొన్ని వందల రూపాయలు కనిపిస్తాయి. పీఏ అంటే పర్సనల్ యాక్సిడెంట్. దీని కింద ప్రమాదంలో చనిపోతే 15 లక్షలు, రెండు కాళ్లో రెండు చేతులో రెండు కళ్లో పోతే అంతే మొత్తం, ఒక కాలో చెయ్యో కన్నో పోతే సగం. ఆసుపత్రి బిల్లులు ఇందులో రావు, అందుకు హెల్త్ పాలసీ ఉండాల్సిందే. ఇక అసలు సంగతి ఆ పేరులోనే ఉంది. ఓనర్ డ్రైవర్ అంటే ఆర్‌సీలో పేరుండి, లైసెన్సు ఉండి, బండి నడుపుతున్న మనిషి. బండి నాన్న పేరు మీద ఉంటే ఆ 15 లక్షల కవరు నాన్నదే, ఆయన అనంతపురంలో ఇంట్లో ఉన్నా సరే. సిల్క్ బోర్డ్ దగ్గర పడిపోయిన కొడుక్కి అందులో రూపాయి రాదు. నాన్నకి లైసెన్సే లేకపోతే ఆ కవరు ఎవరికీ పనికిరాదు.

కోర్టుకి వెళ్తే ఏమైనా వస్తుందేమో అనుకోవద్దు. కర్ణాటకలోనే ఒకతను అడిగి తెచ్చుకున్న మోటార్‌సైకిల్ మీద వెళ్తూ ఎద్దులబండిని ఢీకొని చనిపోయిన కేసు సుప్రీం కోర్టు దాకా వెళ్లింది. బండి అడిగి తీసుకున్నవాడు యజమాని స్థానంలోకే వస్తాడని, ఆ బండి పాలసీ కింద మూడో మనిషి కాడని కోర్టు 2009లో చెప్పింది. కొడుకు నడిపే నాన్న బండికీ ఇదే చిక్కు.

అందుకే మేము చెప్పేది ఒకటే, పద్దెనిమిది నిండి పక్కా లైసెన్సు ఉంటే బండి కుర్రాడి పేరు మీదే తీసుకోండి. విద్యార్థికి లోన్ ఇవ్వరనుకుంటే నాన్న సహ దరఖాస్తుదారుగా ఉండి ఆర్‌సీ కొడుకు పేరు మీద వచ్చే వీలుందేమో ఫైనాన్స్ వాళ్లని అడగండి. అదీ కుదరకపోతే కొడుకు పేరు మీద విడిగా పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ తీసుకోండి. అందులో టూవీలర్ నడపడం కవరవుతుందో లేదో చదివాకే డబ్బు కట్టండి. నామినీ గడి ఖాళీగా వదిలేయడం కూడా షోరూముల్లో మామూలే, అదీ చూసుకోండి.

ఇక మన బండి రిపేరు ఖర్చు. అది ఇచ్చేది థర్డ్ పార్టీ కాదు, సొంత నష్టం పాలసీ. దాని మీద ఇంకొంత కట్టి తీసుకునే అదనాలు కొన్ని ఉంటాయి. మా లెక్కలో విద్యార్థికి మొదటి మూడేళ్లు నిజంగా పనికొచ్చేది జీరో డిప్రిసియేషన్, అంటే సామాను అరుగుదల పేరుతో క్లెయిములో కోత వేయకుండా ఇచ్చే కవరు. ఎందుకో ఒక బిల్లు వేసి చూద్దాం. ఎనిమిది నెలల బండి, వానలో జారి పడింది. హెడ్‌లైట్ కవరు, ఇండికేటర్లు, సైడ్ ప్యానెల్ లాంటి ప్లాస్టిక్ 6,000, హ్యాండిల్, సైలెన్సర్ లాంటి ఇనుప సామాను 4,000, లేబర్ 1,500, మొత్తం 11,500 అనుకోండి. ఈ అదనం లేని మామూలు సొంత నష్టం పాలసీలో ప్లాస్టిక్‌కి, రబ్బరుకి సగం కోత, అంటే 3,000 మనమే పెట్టుకోవాలి. ఆ వయసు బండికి ఇనుముకి 5 శాతం కోత, అది 200. తప్పనిసరిగా మన వాటాగా పోయే 100 కలిపితే 3,300 జేబులోంచి. జీరో డిప్రిసియేషన్ ఉంటే ఆ కోతలు ఉండవు, దాదాపు 100 తోనే బయటపడతాం. కిందపడిన బైక్‌లో ముందు పగిలేది ప్లాస్టిక్కే కదా! ఏడాదికి ఇన్ని క్లెయిములే అని చాలా కంపెనీలు పరిమితి పెడతాయి, అది అడిగి తెలుసుకోండి.

క్లెయిము చేస్తే నో క్లెయిమ్ బోనస్ పోతుందని భయపడి జేబులోంచి కట్టేసేవాళ్లూ ఉన్నారు. క్లెయిము లేకుండా ఏడాది గడిస్తే తర్వాతి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపే ఈ బోనస్. మొదటి ఏడాదికి అది 20 శాతం, అదీ సొంత నష్టం ప్రీమియం మీద మాత్రమే. ఆ ప్రీమియం 1,500 అయితే పోయేది 300. వేలల్లో బిల్లు ఉంటే అసలు ఆలోచించాల్సిన పనే లేదు.

వానకి రోడ్ల మీద నీళ్లు నిలిచే బెళ్లందూరు వైపు ఉండేవాళ్లయితే ఇంజిన్ ప్రొటెక్షన్ గురించీ ఆలోచించవచ్చు. నీళ్లలో ఆగిపోయిన బండిని అక్కడే స్టార్ట్ చేస్తే ఇంజిన్ లోపలికి నీరు లాక్కుని కనెక్టింగ్ రాడ్ వంగుతుంది, మామూలు పాలసీలో ఆ ఖర్చు ఒప్పుకోరు. కవరు ఉన్నా లేకున్నా నెట్టుకుంటూ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లడమే. మిగిలినవాటిలో చాలావరకు 125 సీసీ బండికి అనవసరం. సాయంత్రాలు డెలివరీ పనికి వెళ్దామనుకునేవాళ్లు మాత్రం ముందే కంపెనీకి చెప్పాలి. కిరాయికి వాడితే ప్రైవేటు బండి పాలసీ వర్తించదు.

చివరగా, రెండో ఏడాది సంగతి. షోరూమ్‌లో ఇచ్చేది చాలావరకు అయిదేళ్ల థర్డ్ పార్టీ, ఒక్క ఏడాది సొంత నష్టం. ఓనర్ డ్రైవర్ కవరు కూడా తరచూ ఒక్క ఏడాదే. 366వ రోజున ఈ రెండూ పోయినా ట్రాఫిక్ పోలీసు ఆపి చూస్తే ఇన్సూరెన్స్ ఉన్నట్టే కనపడుతుంది, థర్డ్ పార్టీ ఇంకా నాలుగేళ్లు ఉంది కాబట్టి. కాగితం మీద రెండు మూడు వేర్వేరు గడువు తేదీలు ఉంటాయి. బండి తాళాలు తీసుకునే ముందే వాటిలో అన్నిటికంటే ముందు వచ్చే తేదీ ఏదో చూసి, నాన్న ఫోన్‌లోనూ కొడుకు ఫోన్‌లోనూ రిమైండర్ పెట్టుకోండి.