కోడ్ చెబితే షాపు చేజారుతుంది

‘గూగుల్ మ్యాప్స్ నుంచి మాట్లాడుతున్నాం. మీ షాపు ఇంకా వెరిఫై కాలేదు. ఈ రోజు ఫీజు కట్టకపోతే శాశ్వతంగా మూసేసినట్టు చూపిస్తుంది’. కౌంటర్ దగ్గర నలుగురు నిలబడి ఉన్నప్పుడు ఇలాంటి ఫోన్ వస్తే ఏ వ్యాపారికైనా గుండె గుభేలుమంటుంది. ఇదే బెదిరింపుతో చిన్న వ్యాపారుల నుంచి 300 నుంచి 700 డాలర్ల దాకా గుంజారంటూ 2018లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఫ్లోరిడా ముఠాపై కోర్టుకెక్కింది. ఎత్తుగడ పాతదే. ఇప్పటికీ పారుతోంది.

మ్యాప్స్‌లో వ్యాపారాన్ని నమోదు చేసుకోవడానికి, వెరిఫై చేయించుకోవడానికి గూగుల్ పైసా తీసుకోదు. వెతికినవారికి ఏ షాపు ముందు కనపడాలన్నది వారు అడిగినదానికి అది ఎంత సరిపోతుంది, ఎంత దూరంలో ఉంది, ఎంత పేరున్నది అన్నవాటిని బట్టి తేలుతుంది. ప్రకటనల సంగతి వేరు, వాటి పక్కనే ప్రకటన అన్న గుర్తు ఉంటుంది. మామూలు జాబితాలో మొదటి స్థానాన్ని అమ్మే అధికారం ఎవరికీ లేదు.

ఫీజు పోతే పోయింది, అంతటితో ఆగితే మేలే. మమ్మల్ని ఎక్కువ కలవరపెడుతున్నది కోడ్. ‘మీ ఫోన్‌కు నంబర్ వస్తుంది, చదవండి’ అంటాడు అవతలివాడు. అప్పటికే వాడు తన ఖాతాలోంచి మీ షాపును తనదిగా చెప్పుకుని, బోర్డు మీదున్న మీ నంబరుకే కోడ్ పంపించి ఉంటాడు. మీరు ఆ అంకెలు చదవగానే మ్యాప్స్‌లో యజమాని వాడవుతాడు. షాపు ఫోన్ నంబర్ తీసేసి తనది పెట్టుకుంటే, మీకు రావాల్సిన కాల్స్ వాడికి వెళ్తాయి. రేటింగ్ అలాగే ఉంటుంది, ఫొటోలూ అవే ఉంటాయి. కాబట్టి గిరాకీ ఎందుకు తగ్గిందో చాలాకాలం అర్థం కాదు.

పని వేళలు కనుక్కోవడానికి గూగుల్ కొన్నిసార్లు ఆటోమేటిక్ కాల్ చేస్తుంది. అది డబ్బు అడగదు. మీరుగా అడగని కోడ్ ఎవరు కోరినా ఫోన్ పెట్టేయండి.

గూగుల్‌లో మీ షాపు ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో People and access తెరిస్తే యజమానులు, మేనేజర్లు ఎవరో కనిపిస్తారు. తెలియని ఈమెయిల్ ఉంటే వెంటనే తొలగించాలి. షాపు ప్రొఫైల్ పనులు నిజంగా చేసిపెట్టే ఏజెన్సీలూ లేకపోలేదు. వారికైనా మేనేజర్ హోదా చాలు, ప్రధాన యజమాని మీరే ఉండాలి. ఇప్పటికే చేజారి ఉంటే business.google.com లో షాపు పేరు వెతికి యాక్సెస్ కోరవచ్చు. జవాబివ్వడానికి అవతలివారికి 3 రోజుల గడువు ఉంటుంది.

గూగుల్ చేయాల్సింది కూడా ఉంది. కోడ్ వచ్చే సందేశంలోనే ‘ఇది చెబితే మీ షాపు యాజమాన్యం మరొకరికి వెళ్తుంది’ అని వ్యాపారి భాషలో రాయాలి. ఆ ఒక్క వాక్యం కోడ్ కంటే ముందు ఉండాలి.